“మంచి అమ్మాయి, కష్టపడుతుంది” అని రాస్తే చాలదు: అప్రైజల్ కామెంట్లు తిరగరాయడం ఎలా?

పోయిన ఎపిసోడ్‌లో గోల్స్ ఎలా పెట్టుకోవాలో మాట్లాడుకున్నాం. దాని కింద వచ్చిన కామెంట్లలో ఎక్కువ మంది అడిగింది ఒక్కటే: “మా టీమ్‌కి రివ్యూలు రాయాలి, ఏం రాయాలో తోచట్లేదు.” ఈ రోజు దాని గురించే చెప్తాను. నేను రాసిన ఒక కామెంటు, మా టీమ్ లీడ్ రాసిన ఒక కామెంటు, ఈ రెండూ తీసుకుని ముందు ఎలా ఉండేవి, తర్వాత ఎలా మారాయి అన్నది చూద్దాం. మన ఆఫీసుల్లో ఇవన్నీ ఇంగ్లీషులోనే రాస్తాం కదా. ఇక్కడ మాత్రం తెలుగులో చదువుతాను, మీరు మీ ఫారంలో ఇంగ్లీషులో రాసుకోండి. పేర్లు చెప్పను, కంపెనీ పేరూ చెప్పను.

నేను అప్పట్లో హైదరాబాద్‌లో ఒక సపోర్ట్ టీమ్‌కి మేనేజర్‌ని. తొమ్మిది మంది. అమెరికాలో ఉన్న క్లయింట్‌కి బిల్లింగ్ సిస్టమ్ చూసేవాళ్ళం. షిఫ్టుల్లో పని. ఏప్రిల్ నుంచి మార్చి దాకా అప్రైజల్ సైకిల్.

ఆ తొమ్మిది మందిలో ఒకమ్మాయి ఉండేది. ఆమెకి నేను రాసింది ఇదీ:

“చాలా కష్టపడి పనిచేస్తుంది. టీమ్‌లో అందరితో కలిసిపోతుంది. ఏ పని ఇచ్చినా కాదనదు. ఇలాగే కొనసాగాలి.”

రాసినప్పుడు నాకు బాగా రాశాననే అనిపించింది. నిజంగా మంచి ఉద్దేశంతోనే రాశాను. పై రేటింగ్ కూడా ప్రపోజ్ చేశాను.

తర్వాత ఏం జరుగుతుందో కొత్తగా మేనేజర్ అయినవాళ్ళకి తెలియదు. మనం ఇచ్చిన రేటింగే ఫైనల్ కాదు. కాలిబ్రేషన్ మీటింగ్ అని ఒకటి ఉంటుంది. మేనేజర్లందరినీ ఒక గదిలో కూర్చోబెడతారు, పై రేటింగ్ ఇంతమందికే అని ముందే చెప్తారు. ఆ రోజు మా గదిలో అరవై మంది పేర్లు ఉన్నాయి, టైమ్ మూడు గంటలు. అంటే మనిషికి మూడు నిమిషాలు. ఆ గదిలో మిగతావాళ్ళకి మా అమ్మాయి ఎవరో తెలియదు. వాళ్ళ దగ్గర ఉన్నది స్క్రీన్ మీద నేను రాసిన ఆ నాలుగు వాక్యాలే.

నా పక్క టీమ్ మేనేజర్ తన మనిషి గురించి చదివాడు. ఏ రిపోర్టు ముందు ఎంతసేపు పట్టేది, ఆయన ఏం మార్చాక ఎంతకి తగ్గింది, క్లయింట్ ఏమన్నాడు అన్నీ ఉన్నాయి. తర్వాత నా వంతు. “కష్టపడుతుంది అంటే ఏం చేసింది?” అని డెలివరీ హెడ్ అడిగారు. నాకు ఆ క్షణంలో “మంత్ ఎండ్ పనులు బాగా చూసుకుంది సర్” అన్న మాట తప్ప ఇంకేమీ రాలేదు. మూడు నిమిషాలు అయిపోయాయి. ఆమె మధ్య రేటింగ్‌కి వెళ్ళిపోయింది. ఆ రేటింగ్‌తో ఆ ఏడాది ప్రమోషన్ లిస్టులోకి రావడం కుదరదు.

లెటర్ వచ్చాక ఆమె నా దగ్గరికి వచ్చి అడిగింది: “సర్, మీరు బాగానే రాశారు కదా, మరి నేను ఏం తక్కువ చేశాను?” నా దగ్గర సమాధానం లేదండీ. ఆమె తక్కువ చేయలేదు, నేను తక్కువ రాశాను.

ఇది ప్రైవేటు కంపెనీల్లో మాత్రమే ఉన్న జబ్బు కాదు. ఒక సుప్రీంకోర్టు కేసు ఉంది, 2008లో తీర్పు వచ్చింది, దేవ్ దత్ కేసు అంటారు. ఆయన బోర్డర్ రోడ్స్‌లో ఇంజనీర్. ఒక సంవత్సరం ఆయన కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో “గుడ్” అని రాశారు. ప్రమోషన్‌కి ఐదేళ్ళు వరసగా “వెరీ గుడ్” ఉండాలి. దాంతో ఆ మంచి మాటే ఆయన్ని ఆపేసింది! పైగా అలా రాసిన సంగతి ఆయనకి తెలియనే తెలియదు. వ్యతిరేకంగా రాసింది మాత్రమే కాదు, ఏం రాసినా ఆ ఉద్యోగికి తెలియజేయాలని కోర్టు చెప్పింది. తర్వాత 2009లో కేంద్ర ప్రభుత్వం కూడా మొత్తం రిపోర్టును ఉద్యోగికి చూపించాలని ఆదేశాలిచ్చింది. “మంచిగానే రాశాను కదా” అని మనం అనుకున్న మాట అవతలి మనిషికి అడ్డం పడొచ్చు అనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

సరే, మా అమ్మాయి దగ్గరికి వద్దాం. రేటింగ్ మారదు, సిస్టమ్ లాక్ అయిపోయింది. కానీ ఆ కామెంటును సరిగ్గా రాసి ఉంటే ఎలా ఉండేదో చూద్దామని ఒక శనివారం కూర్చున్నాను. పద్ధతి పెద్దదేం కాదు. సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అనే అమెరికా సంస్థ దీన్ని మూడు ముక్కల్లో చెప్తుంది: సందర్భం ఏమిటి, ఆ మనిషి ఏం చేశారు, దాని వల్ల ఏం జరిగింది. నేను ప్రతి విశేషణం కింద గీత గీసి ఈ మూడూ అడిగాను. “కష్టపడుతుంది” కింద ఒక గీత. ఎప్పుడు చూశాను నేను ఆ కష్టం?

నా జ్ఞాపకంలో ఏముందంటే, మార్చిలో ఒక రాత్రి ఆమె రెండింటి దాకా కూర్చుంది. అంతే. ఇదే అసలు సమస్య. మనకి ఆఖరి రెండు నెలలే గుర్తుంటాయి. అందుకని జ్ఞాపకాన్ని పక్కన పెట్టి టికెట్ టూల్ తెరిచాను. ఆమె పేరు మీద ఏడాది మొత్తం టికెట్లు తీశాను, మంత్ ఎండ్ మెయిల్స్ చూశాను. ఒక గంటన్నర పట్టింది. అప్పుడు అసలు కథ బయటపడింది.

మా బిల్లింగ్ బ్యాచ్ ప్రతి నెలాఖరు రాత్రి పన్నెండుకి నడుస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఆరు నెలాఖర్లలో ఐదుసార్లు ఫెయిల్ అయింది. మేం ఫెయిల్ అయిన ప్రతిసారీ మళ్ళీ నడిపేవాళ్ళం, తెల్లారేది. ఈ అమ్మాయి ఆ ఐదు ఫెయిల్యూర్లనూ పక్కపక్కన పెట్టి చూసింది. వెండర్ పంపే ఫైల్ చివర్లో ఖాళీ లైన్లు వస్తున్నాయని పట్టుకుంది. సెప్టెంబర్‌లో ఒక చిన్న స్క్రిప్ట్ రాసింది. అది రాత్రి తొమ్మిదికే ఫైల్ చూసి, తేడా ఉంటే మెయిల్ పెడుతుంది. ఎవరూ చెప్పలేదు ఆమెకి ఆ పని చేయమని. నేనైతే అసలే చెప్పలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. అక్టోబర్ నుంచి మార్చి దాకా బ్యాచ్ ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదు. “ఆరు నెలలు ఫెయిల్యూర్ లేకుండా చేసింది” అని రాసేయాలని చేయి లాగుతుంది. కానీ జనవరిలో వెండర్ తన ఫార్మాట్ సరిచేసుకున్నాడు. అంటే జనవరి నుంచి స్క్రిప్ట్ లేకపోయినా బ్యాచ్ నడిచేది. ఆమె వల్ల ఆగినవి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే. ఆ మూడు నెలల్లో రెండుసార్లు స్క్రిప్ట్ తప్పు ఫైల్‌ని పట్టుకుంది. కాబట్టి ఆ రెండే రాయాలి. ఎక్కువ రాస్తే ఆ గదిలో ఎవరో ఒకరు “వెండర్ మార్చాడు కదా” అంటారు, అప్పుడు నిజమైన రెండూ కూడా పోతాయి.

రెండో గీత “అందరితో కలిసిపోతుంది” కింద. దీనికి వెతికితే దొరికింది ఏమిటంటే, ఆ ఏడాది చేరిన ఇద్దరు ఫ్రెషర్లకి ట్రైనింగ్ ఇచ్చింది ఆమే. మామూలుగా మా టీమ్‌లో కొత్తవాళ్ళు సొంతంగా టికెట్ తీసుకోవడానికి ఆరు వారాలు పట్టేది. వీళ్ళిద్దరూ నాలుగో వారంలో తీసుకున్నారు. నేను దాన్ని “కలిసిపోవడం” అని రాశాను చూడండి!

మూడోది, “ఏ పని ఇచ్చినా కాదనదు.” ఈ వాక్యం కొట్టేశాను. ఇది పొగడ్త కాదండీ, నా సౌకర్యం. కాదనని మనిషి నెత్తిన నేను ఎంత పని పెట్టానో చెప్తుంది తప్ప ఆమె పని గురించి ఏమీ చెప్పదు.

“ఇలాగే కొనసాగాలి” కూడా కొట్టేశాను. ఎందుకంటే ఇలాగే కొనసాగితే ఆమె ముందుకి వెళ్ళదు. నిజానికి ఆమెకి ఒక లోటు ఉంది, నేను మొహమాటానికి రాయలేదు. క్లయింట్ కాల్‌లో మాట్లాడదు. స్క్రిప్ట్ గురించి నవంబర్‌లో క్లయింట్‌కి వివరించాల్సి వస్తే, ఆమె నోట్స్ రాసిచ్చింది, ఇంకొకరు చదివారు. డిసెంబర్‌లోనూ అంతే. క్లయింట్ దృష్టిలో ఆ పని ఆ చదివిన మనిషిది అయింది. పొగడ్తలోనే నిజాయితీ అంటే ఇదీ. లోటు దాచడం వల్ల ఆమెకి మేలు జరగలేదు.

తిరగరాసినది ఇలా వచ్చింది:

“నెలాఖరు బిల్లింగ్ బ్యాచ్ ఏప్రిల్–సెప్టెంబర్ మధ్య 6 సార్లకి 5 సార్లు ఫెయిల్ అయింది. ఎవరూ అడగకుండానే ఆమె ఈ ఐదింటినీ పోల్చి చూసి, వెండర్ ఫైల్‌లో లోపం ఉందని కనిపెట్టి, రాత్రి 9కే ఫైల్‌ని తనిఖీ చేసే స్క్రిప్ట్ రాసింది. అక్టోబర్–డిసెంబర్ మధ్య ఇది రెండు తప్పు ఫైళ్ళను బ్యాచ్‌కి ముందే పట్టుకుంది. ఆ రెండు రాత్రులూ ఆన్‌కాల్ వాళ్ళని లేపాల్సిన అవసరం రాలేదు. జనవరిలో వెండర్ ఫార్మాట్ సరిచేశాడు. ఇద్దరు ఫ్రెషర్లకి శిక్షణ ఇచ్చింది, మామూలుగా ఆరు వారాలు పట్టేచోట ఇద్దరూ నాలుగో వారంలోనే సొంతంగా టికెట్లు తీసుకున్నారు. తన పనిని క్లయింట్‌కి తానే వివరించడం ఇంకా మొదలుపెట్టలేదు. నవంబర్, డిసెంబర్ కాల్స్‌లో ఆమె నోట్స్ వేరొకరు చదివారు. జూన్ లోపు నెలకి ఒక కాల్‌లో ఒక అంశం ఆమే చెప్పాలి, మొదటి రెండుసార్లు నేను పక్కన ఉంటాను.”

పొడుగైంది నిజమే. కానీ ఇందులో “కష్టపడుతుంది”, “తెలివైనది” అన్న మాట ఒక్కటి కూడా లేదు. చదివినవాళ్ళకి అవి వాళ్ళంతట వాళ్ళకే తడతాయి. అంత ఖాళీ లేదు, ఫారంలో ఐదొందల అక్షరాలే పడతాయి అంటే, ముందు బ్యాచ్ సంగతి, కాల్ సంగతి ఉంచి మిగతావి తీసేయండి. విశేషణాలు మాత్రం మళ్ళీ తేవద్దు.

ఇది ఆమెకి చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. “ఇది మార్చిలోనే రాసుంటే బాగుండేది సర్” అంది. ఆ ఏడాది డిసెంబర్‌లో వేరే కంపెనీకి వెళ్ళిపోయింది. ఆపడానికి నా దగ్గర మాట లేదు.

ఇప్పుడు రెండోది, తిట్టు. తర్వాతి సైకిల్‌లో మా టీమ్ లీడ్ ఒకబ్బాయి గురించి ఇలా రాసి నాకు పంపాడు:

“పని మీద శ్రద్ధ లేదు. నిర్లక్ష్యం. ఓనర్‌షిప్ లేదు. ఎప్పుడూ లేటు. ఎన్నిసార్లు చెప్పినా మారడు.”

లీడ్‌ని పిలిచాను. కోపంగానే ఉన్నాడు. “అన్నా, నిజమే రాశాను, మీరు మెత్తగా మార్చమంటే మార్చను” అన్నాడు. “మెత్తగా వద్దు, ఎప్పుడూ లేటు అన్నావు కదా, ఎన్నిసార్లో చెప్పు” అన్నాను. తెలియదన్నాడు. అటెండెన్స్ తీశాం. మూడు నెలల్లో పావుగంట దాటి లేటు నాలుగుసార్లు. ఆ నాలుగూ ఒకే వారంలో. ఆ వారం షిఫ్టు మారింది, కొత్త రూట్‌లో ఆఫీసు క్యాబ్ లేటుగా తిరిగింది. అదే క్యాబ్‌లో వచ్చే ఇంకో ఇద్దరూ అంతే లేటు. ఆ వాక్యం పోయింది.

“ఎన్నిసార్లు చెప్పినా” అన్నావు, ఎప్పుడు చెప్పావు? కాసేపు ఆలోచించి, ఫోన్‌లో వెతికి, “గ్రూప్‌లో పెట్టానన్నా” అన్నాడు. చూస్తే టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక మెసేజ్, “హ్యాండోవర్ నోట్స్ అందరూ రాయాలి” అని. అందరికీ చెప్పింది ఒకరికి చెప్పినట్టు కాదు కదా. ఆ వాక్యం కూడా పోయింది.

“శ్రద్ధ లేదు” అన్నది ఆ అబ్బాయి మనసులో ఏముందో మనం ఊహించి చెప్పే మాట. దానికి సాక్ష్యం ఉండదు. ఆ మాట చదివిన మనిషి పని గురించి ఆలోచించడు, తనని తాను కాపాడుకోవడం మొదలుపెడతాడు. 1996లో క్లూగర్, డినిసి అని ఇద్దరు పరిశోధకులు ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా వచ్చిన ఎన్నో అధ్యయనాలను కలిపి చూశారు. సగటున ఫీడ్‌బ్యాక్ వల్ల పని మెరుగైంది, కానీ మూడో వంతు కంటే ఎక్కువ సందర్భాల్లో పని ఇంకా దిగజారింది. దృష్టి పని మీది నుంచి “నేను ఎలాంటివాణ్ణి” అన్నదాని మీదికి మళ్ళినప్పుడు ఇలా అవుతుందని వాళ్ళ వివరణ.

మరి లీడ్ కోపం ఉత్తదేనా? కాదు. అసలు ఏది నిన్ను ఇంత విసిగించిందని అడిగితే అప్పుడు చెప్పాడు. హ్యాండోవర్ నోట్స్. షిఫ్టు దిగేటప్పుడు ఏ టికెట్ ఎక్కడ ఆగిందో రాయాలి. ఫిబ్రవరి, మార్చిలో ఈ అబ్బాయి దిగిన షిఫ్టుల్లో 20 చూశాం. ఏడింటికి నోట్సే లేవు. అందులో ఒక రాత్రి తర్వాతి షిఫ్టు వ్యక్తి అదే పని మొదటి నుంచి చేశాడు, రెండు గంటలు పోయాయి. క్లయింట్‌కి ఒకే ప్రశ్నకి రెండు వేరు వేరు జవాబులు వెళ్ళాయి. ఎస్కలేషన్ వచ్చింది. ఆ మెయిల్‌కి సమాధానం చెప్పుకున్నది లీడ్. ఐదు వాక్యాల తిట్టులో అసలు విషయం ఇదొక్కటే, అదే కామెంటులో లేదు!

టికెట్ల లెక్క కూడా చూశాం. టైమ్ లోపల ముగించడంలో అతను టీమ్ సగటుకి పైనే ఉన్నాడు. “శ్రద్ధ లేదు” అని రాసినవాడికి ఇది కనపడలేదు.

అబ్బాయిని కూడా పిలిచి అడిగాం, రాయకముందే. “చివరి నిమిషం దాకా టికెట్ అసైన్ అవుతుంది సర్, పది నిమిషాల్లో క్యాబ్ వెళ్ళిపోతుంది” అన్నాడు. అందులో నిజం ఉంది. కానీ అదే షిఫ్టులో మిగతా ఇద్దరు నోట్స్ రాస్తూనే ఉన్నారు. రెండూ నిజమే, రెండూ రాయాలి.

ఇంత తెలిశాక లీడ్ రెండో వెర్షన్ రాశాడు: “టెక్నికల్‌గా మంచి నైపుణ్యం ఉంది. డాక్యుమెంటేషన్ విషయంలో కొంచెం మెరుగుపడే అవకాశం ఉంది. మొత్తం మీద మంచి సహకారం.” చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఇది తిట్టు కంటే ప్రమాదం అని నా అభిప్రాయం. క్లయింట్ ఎస్కలేషన్ తెచ్చిన విషయం “కొంచెం” అయిపోయింది. దీన్ని చదివి ఆ అబ్బాయి తను బాగానే ఉన్నాననుకుంటాడు, ఆరు నెలల తర్వాత తక్కువ రేటింగ్ వస్తే నివ్వెరపోతాడు. అలా నివ్వెరపోతే తప్పు మనదే.

మూడోసారి ఇద్దరం కలిసి రాసింది ఇదీ:

“టికెట్లను గడువులోపు ముగించడంలో టీమ్ సగటు కంటే పైన ఉన్నాడు. హ్యాండోవర్ నోట్స్ మాత్రం అవసరమైన స్థాయిలో లేవు. ఫిబ్రవరి–మార్చిలో చూసిన 20 షిఫ్టుల్లో 7కి నోట్స్ లేవు. మార్చిలో ఒకసారి దీనివల్ల తర్వాతి షిఫ్టు రెండు గంటల పని మళ్ళీ చేసింది, క్లయింట్‌కి రెండు వేరు జవాబులు వెళ్ళి ఎస్కలేషన్ అయింది. ఈ విషయం అతనికి విడిగా ఇంతకుముందు చెప్పలేదు, ఏప్రిల్‌లో మొదటిసారి మాట్లాడాం. ఇకపై తెరిచి ఉన్న ప్రతి టికెట్‌కి మూడు విషయాలు రాయాలి: ఏం ప్రయత్నించాం, ఏం మిగిలింది, ఎవరి జవాబు కోసం చూస్తున్నాం. షిఫ్టు చివరి 20 నిమిషాల్లో లీడ్ అతనికి కొత్త టికెట్ ఇవ్వరు. వారానికి 5 షిఫ్టులు లీడ్ చూస్తారు. జూన్ చివరికి, వరసగా నాలుగు వారాలు ఒక్క షిఫ్టు కూడా తప్పకపోతే ఈ అంశం ముగిసినట్టు.”

“ఇంతకుముందు చెప్పలేదు” అన్న వాక్యం దగ్గర లీడ్ ఆగాడు. “అది రాస్తే నా మీదికి వస్తుంది కదన్నా” అన్నాడు. వస్తుంది. నా మీదికి కూడా వస్తుంది. కానీ అది లేకపోతే చదివేవాళ్ళు “చెప్పినా మారలేదు” అనే అనుకుంటారు. అతని రేటింగ్ మధ్యలోనే ఉంచాం, కిందికి దించలేదు. ఎస్కలేషన్ చిన్నదేం కాదు, కానీ ముందు చెప్పని విషయానికి కింది రేటింగ్ ఇవ్వడం నాకు న్యాయం అనిపించలేదు. మీలో కొందరు ఒప్పుకోకపోవచ్చు, కింద రాయండి.

జూన్‌లో ఏమైందో కూడా చెప్పేస్తాను. మొదటి నాలుగు వారాల్లో 20కి మూడు తప్పాయి. తర్వాత నాలుగు వారాల్లో ఒకటి. అంటే పెట్టుకున్న గడువుకి పూర్తి కాలేదు, జులై మూడో వారానికి అయింది. అలాగే రాశాం, జులై అని.

ఒక వీక్షకురాలు అడిగారు: “నేను మేనేజర్ని కాదు, నాకే ‘ఓనర్‌షిప్ లేదు’ అని వచ్చింది, ఏం చేయాలి?” మెయిల్‌లో వాదించకండి. వన్ ఆన్ వన్‌లో ఒక్క ప్రశ్న అడగండి: “ఇది మీకు ఏ పనిలో కనిపించింది? ఆ రోజు నేను ఏం చేసి ఉంటే సరిపోయేది?” ఉదాహరణ చెప్తే రాసుకోండి, నచ్చకపోయినా. చెప్పలేకపోతే, ఆ ఉదాహరణ దొరికినప్పుడు అప్పటికప్పుడే చెప్పమని అడిగి, ఆ మాటని చిన్న మెయిల్‌లో పెట్టండి. మీ వైపు నుంచి నెలకోసారి ఒక ఫైల్‌లో నాలుగు లైన్లు రాసుకోండి, తేదీలతో. మా అమ్మాయి స్క్రిప్ట్ సంగతి ఆమె సెల్ఫ్ అప్రైజల్‌లో కూడా ఒక్క లైనే ఉంది, “ఆటోమేషన్ చేశాను” అని.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ సెల్ఫ్ అప్రైజల్ గురించే మాట్లాడుకుందాం. మీ కామెంటు ఏదైనా తిరగరాయాలనుకుంటే పేర్లు తీసేసి కింద పెట్టండి, రెండు మూడు తీసుకుని అందులోనే రాసి చూపిస్తాను.